దగ్గరవడం అంటే ఎంత దగ్గర? అవధులకు తొలి పాఠం

చెట్టు మీది నుంచి ఒక కొబ్బరికాయ జారింది. గాలి అడ్డును పక్కన పెడితే, t సెకన్లలో అది పడే దూరం 4.9t² మీటర్లు. ఒక సెకను పూర్తయ్యేసరికి 4.9 మీటర్లు దిగుతుంది, రెండు సెకన్లు పూర్తయ్యేసరికి 19.6 మీటర్లు. మరి సరిగ్గా ఒక సెకను అయిన ఆ క్షణాన దాని వేగం ఎంత? వేగం కావాలంటే దూరాన్ని కాలంతో భాగించాలి. ఒక్క క్షణంలో గడిచిన కాలం సున్నా, కాయ దిగిన దూరమూ సున్నా. సున్నాను సున్నాతో భాగిస్తే జవాబు రాదు. అయినా ఆ క్షణాన కాయ గాలిలో ఆగిపోలేదు కదా, దానికి ఏదో ఒక వేగం ఉండి తీరాలి. ఈ చిక్కును విప్పడానికి గణితం తయారు చేసుకున్న పనిముట్టు పేరు అవధి.

తెలుగు విద్యార్థికి ఇది మొదట ఎదురయ్యేది ఇంటర్ మొదటి సంవత్సరంలో. చాలా తరగతుల్లో జరిగేది ఒకటే: నిర్వచనం బోర్డు మీద రాస్తారు, లవాన్నీ హారాన్నీ కారణాంకాలుగా విడదీస్తారు, ఉమ్మడిగా ఉన్నదాన్ని కొట్టేస్తారు, x స్థానంలో సంఖ్య ప్రతిక్షేపిస్తారు. లెక్క సరిగానే వస్తుంది. కానీ అవధి అంటే ఏమిటని అడిగితే, కొట్టేసి ప్రతిక్షేపించడమే అవధి అన్న జవాబు వస్తుంది. ఇక్కడ వివరించే పాఠం ఆ నిర్వచనానికి ముందు, 45 నిమిషాల పీరియడ్లు రెండింటిలో చెప్పదగినది. రేఖకు వాలు కనుక్కోవడం, a² − b² ను కారణాంకాలుగా విడదీయడం వస్తే చాలు. పాఠానికి రెండు ఆధారాలున్నాయి. ఒకటి, దేన్నైనా సమీపిస్తూ పోయే రోజువారీ సంగతులు. రెండోది, కంప్యూటర్ తెర మీద జూమ్ చేసుకుంటూ పోయే గ్రాఫు. మొదటిది విషయంలోకి దింపుతుంది కానీ కొన్ని అపోహలను కూడా వెంట తెస్తుంది. రెండోది ఆ అపోహలను తీరుస్తుంది, అయితే దానికీ ఒక హద్దు ఉంది.

అపోహల్లో మొదటిది మాటలోనే దాగి ఉంది. ఆనందానికి అవధులు లేవు అన్నప్పుడు అవధి అంటే హద్దు, దాటకూడని గీత. ఆ అర్థంతో తరగతికి వచ్చిన విద్యార్థి, ప్రమేయం విలువలు అవధిని ముట్టుకోవని, దాటవని తనకు తానే తీర్మానించుకుంటాడు. గణితంలో అవధికి అలాంటి నిషేధం లేదు. విలువలు దాన్ని తాకవచ్చు, దాటవచ్చు, దాటి వెనక్కి రావచ్చు. ఈ ఇబ్బంది తెలుగుకే పరిమితం కాదు. ఇంగ్లండులో డేవిడ్ టాల్, రోల్ఫ్ ష్వార్జెన్‌బెర్గర్ 1978లో రాసిన వ్యాసంలో, విశ్వవిద్యాలయంలో చేరిన గణిత విద్యార్థులను 0.999… ఒకటికి సమానమా, ఒకటి కంటే తక్కువా అని అడిగితే ఎక్కువమంది తక్కువే అన్నారని ఉంది. టాల్, ష్లోమో విన్నర్‌తో కలిసి 1981లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. విద్యార్థి పుస్తకంలోని నిర్వచనాన్ని అప్పజెప్పగలడు, కానీ ఆలోచించేటప్పుడు వాడేది తన మనసులో అంతకు ముందే కట్టుకున్న బొమ్మను. ఆ బొమ్మ తప్పయితే నిర్వచనం పరీక్ష కాగితం దాటి లోపలికి పోదు. కాబట్టి మొదటి పీరియడ్‌లో టీచరు చేయాల్సిన పని ఆ బొమ్మను బయటికి రప్పించి, సరిదిద్దడం.

మొదటి పావుగంట మూడు ఉదాహరణలకు సరిపోతుంది. వాటి వరుస ముఖ్యం. తొలి ఉదాహరణ చల్లారుతున్న టీ. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, టీ 80 డిగ్రీలు అనుకుందాం. గదికీ టీకీ ఉన్న తేడా ప్రతి పది నిమిషాలకూ సగమవుతుందని తీసుకుంటే టీ వేడి 80, 55, 42.5, 36.25 డిగ్రీలుగా దిగుతుంది. ఈ సంఖ్యలు దేన్ని సమీపిస్తున్నాయో పిల్లలు వెంటనే చెబుతారు. అవి 30ని చేరవు కదా అని కూడా అంటారు. ఆ మాటను అప్పుడే ఖండించకుండా బోర్డు మీద ఒక మూల రాసి పెట్టడం మంచిది: “చేరదు, దాటదు.” అందరి మనసులోని బొమ్మ ఇప్పుడు రాతలోకి వచ్చింది.

రెండో ఉదాహరణ దాన్ని కొట్టివేయడానికే. కూరగాయల కొట్లో త్రాసు పైకెత్తితే ముల్లు మధ్యగీతను దాటి కుడికి పోతుంది, మళ్ళీ దాటి ఎడమకు వస్తుంది, ఊపు తగ్గుతూ తగ్గుతూ మధ్యలో నిలుస్తుంది. ముల్లు సమీపిస్తున్నది మధ్యగీతనే. దారిలో ఆ గీతను ఎన్నోసార్లు తాకింది, ఎన్నోసార్లు దాటింది. బోర్డు మూలన రాసిన రెండు మాటలూ ఇక్కడ నిలబడవు. అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. మొదటి ఊపులోనే ముల్లు మధ్యగీతను తాకింది కదా, అప్పుడే చేరిపోయినట్టా? కాదు, ఎందుకంటే మరుక్షణంలో అది దూరంగా పోయింది. సమీపించడం అంటే ఒకసారి దగ్గరకు రావడం కాదు, వచ్చాక దగ్గరే ఉండిపోవడం. అవధి గురించి చెప్పాల్సిన అసలు మాట ఇదే. దీన్ని టీచరు చెప్పే కంటే త్రాసును చూసి పిల్లలు అనుకుంటే బాగా నిలుస్తుంది. తరగతి గదిలో త్రాసు లేకపోతే దారానికి కట్టిన తాళంచెవి ఆ పని చేస్తుంది.

టీ, త్రాసు రెండూ కాలం గడిచేకొద్దీ ఏమవుతుందో చెప్పేవి. కొబ్బరికాయ ప్రశ్న అలాంటిది కాదు. అక్కడ కాలం ఒక సెకను అనే ఒకే స్థానం దగ్గరకు వస్తోంది, అదీ రెండు వైపుల నుంచి. దానికి మూడో ఉదాహరణ కావాలి. రెండు ఊళ్ళ నుంచి ఒకే రోడ్డు వేసుకుంటూ వస్తున్నారు, మధ్యలో ఒక పిల్లకాలువ. ఎడమ నుంచి వచ్చే రోడ్డు కాలువ దగ్గరకు వచ్చేసరికి మూడు మీటర్ల ఎత్తుకు చేరుతోంది, కుడి నుంచి వచ్చేదీ అంతే. కల్వర్టు పలక ఇంకా వేయలేదు. కాలువ మీద రోడ్డు ఎత్తు ఎంత అంటే ఎత్తే లేదు, అక్కడ రోడ్డు లేదు కాబట్టి. రెండు వైపుల రోడ్లూ చేరుకుంటున్న ఎత్తు ఎంత అంటే మూడు మీటర్లు. రెండూ వేరు ప్రశ్నలు. మొదటిది ఆ బిందువు దగ్గర ప్రమేయం విలువ, రెండోది అక్కడి అవధి. ఇప్పుడు పలక వేశారు, కానీ పొరపాటున రెండు మీటర్ల ఎత్తులో వేశారు. విలువ రెండు, అవధి ఇంకా మూడే. పలక సంగతి పక్కన పెట్టి, కుడి వైపు రోడ్డు నాలుగు మీటర్ల ఎత్తుకు వస్తోందనుకుంటే ఎడమ అవధి మూడు, కుడి అవధి నాలుగు. రెండూ కలవలేదు కాబట్టి అక్కడ అవధి లేదు. ఇంటర్ పుస్తకంలో రెండు పేజీలు పట్టే సంగతులు ఈ ఒక్క కాలువ గట్టున తేలిపోతాయి.

మిగిలిన అరగంట గ్రాఫుది. జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికి సరిపోతుంది, అది ఫోన్‌లోనూ పనిచేస్తుంది. ప్రొజెక్టర్ ఉంటే ఒక కంప్యూటర్ చాలు. కొబ్బరికాయ దిగిన దూరాన్ని గ్రాఫుగా గీసి, t = 1 దగ్గర మూడు కిటికీల్లో చూడాలి. జియోజీబ్రా కాలాన్ని x గా తీసుకుంటుంది.

```
s(x) = 4.9 x^2
ZoomIn(0, 0, 2, 19.6)
ZoomIn(0.9, 3.969, 1.1, 5.929)
ZoomIn(0.99, 4.80249, 1.01, 4.99849)
```

ఈ కిటికీలను ఊరికే ఎంచుకోలేదు. ఒక్కొక్కటి అంతకు ముందు దానికంటే అడ్డంగానూ నిలువుగానూ పది రెట్లు చిన్నది. మూడింటిలోనూ వక్రరేఖ ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు పోతుంది. గోడ మీద పడిన బొమ్మ 40 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుందాం. ఇద్దరు పిల్లలు ఒక దారాన్ని మూల నుంచి మూలకు బిగించి పట్టుకోవాలి. మూడోవారు బొమ్మ మధ్యలో ఆ దారానికీ కింద ఉన్న వక్రరేఖకూ మధ్య నిలువు దూరాన్ని స్కేలుతో కొలవాలి. మొదటి కిటికీలో 10 సెంటీమీటర్లు వస్తుంది. రెండో దాంట్లో ఒక సెంటీమీటరు. మూడో దాంట్లో ఒక మిల్లీమీటరు, అంటే దాదాపు గీత మందం. లెక్కలో చూస్తే ఆ ఎడం బొమ్మ ఎత్తులో నాలుగో వంతు, నలభయ్యో వంతు, నాలుగు వందలో వంతు. పది రెట్లు జూమ్ చేసిన ప్రతిసారీ వంపు పదో వంతుకు పడిపోతోంది. నాలుగో కిటికీలో ఎంత ఉంటుందో తెరపైకి తేకుండానే పిల్లలు చెప్పగలుగుతారు. అలా చెప్పగలిగితే వాళ్ళు అవధి గురించి ఆలోచించడం మొదలుపెట్టినట్టే.

వక్రరేఖ తిన్నని గీతలా కనిపిస్తున్నప్పుడు ఆ గీత వాలు ఎంత అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. ఇక్కడ టీచరు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మూల నుంచి మూలకు పట్టిన దారం వాలు లెక్క కట్టమంటే పాఠం చెడుతుంది. మొదటి కిటికీలో 19.6ను 2తో భాగిస్తే 9.8, రెండో దాంట్లో 1.96ను 0.2తో భాగిస్తే మళ్ళీ 9.8, మూడోదీ అంతే. పరావలయంలో ఒక బిందువుకు రెండు వైపులా సమాన దూరంలో ఉన్న బిందువులను కలిపితే వాలు ఎప్పుడూ సరిగ్గా అవధి విలువే వస్తుంది. సమీపించడానికి ఏమీ మిగలదు, పిల్లలకు అవధి అవసరమే కనిపించదు. పైగా |x| గ్రాఫులో సున్నా దగ్గర ఇదే పద్ధతి వాడితే వాలు సున్నా అని వస్తుంది. అక్కడ ఉన్నది మొన, ఎంత జూమ్ చేసినా మొనగానే ఉంటుంది. కాబట్టి దారం వంపును కొలవడానికి మాత్రమే, వాలు కోసం ఒక చివర t = 1 దగ్గరే పట్టుకోవాలి.

అలా చేస్తే 1 నుంచి 2 సెకన్ల మధ్య వాలు 14.7 వస్తుంది. 1 నుంచి 1.1 దాకా 10.29, 1.01 దాకా 9.849, 1.001 దాకా 9.8049. ఎడమ వైపు నుంచి 0.9తో మొదలుపెడితే 9.31, తర్వాత 9.751, తర్వాత 9.7951. ఈ వాలు అంటే ఏమిటో పిల్లలతోనే చెప్పించాలి: దూరంలో తేడాను కాలంలో తేడాతో భాగించాం, అంటే ఆ కొద్ది వ్యవధిలో కాయ సగటు వేగం. కుడి నుంచి దిగి వస్తున్న సంఖ్యలూ ఎడమ నుంచి ఎక్కి వస్తున్న సంఖ్యలూ 9.8 దగ్గర కలుసుకోబోతున్నాయి. కాలువకు రెండు వైపులా వస్తున్న రోడ్లు మళ్ళీ కనిపించాయి. సెకనుకు 9.8 మీటర్లంటే గంటకు దాదాపు 35 కిలోమీటర్లు, వీధిలో పోయే బైకు వేగం. మొదటి పీరియడ్ ఈ సంఖ్యతో ముగించవచ్చు.

రెండో పీరియడ్ ఈ సగటు వేగాన్నే ఒక కొత్త ప్రమేయంగా గీయడంతో మొదలవుతుంది. 1 సెకనుకూ x సెకనుకూ మధ్య సగటు వేగం ఇది:

```
v(x) = (4.9 x^2 - 4.9)/(x - 1)
v(1)
```

రెండో వరుసకు జియోజీబ్రా ఇచ్చే జవాబు `?` గుర్తు. x = 1 పెడితే సున్నా బై సున్నా కాబట్టి విలువ లేదు. కానీ తెర మీద గీత ఎక్కడా తెగకుండా కనిపిస్తోంది. పాఠ్యపుస్తకాల్లో ఇలాంటి చోట ఒక చిన్న ఖాళీ సున్న గీస్తారు. ఇప్పుడు తరగతిని అడగాల్సిన ప్రశ్న: ఎన్ని రెట్లు జూమ్ చేస్తే ఆ చిల్లు కనిపిస్తుంది? వంద, వెయ్యి, లక్ష అంటూ పందేలు మొదలవుతాయి. చేసి చూస్తే ఎన్నటికీ కనిపించదు. లేని బిందువు ఒక్కటే, దానికి వెడల్పు లేదు, వెడల్పు లేనిది ఎన్ని రెట్లు పెంచినా పెరగదు. పుస్తకంలోని ఖాళీ సున్న మనకు గుర్తు చేయడానికి గీసినది మాత్రమే. ఈ సంగతికి ఐదు నిమిషాలు కేటాయించడం వృథా కాదు. అవధి లెక్కించేటప్పుడు x − 1 ను పైనా కిందా కొట్టేయడం ఎందుకు తప్పు కాదో ఇక్కడే తేలుతుంది. కొట్టేస్తే మిగిలేది 4.9(x + 1). దాని గ్రాఫుకూ పాత గ్రాఫుకూ తేడా ఆ ఒక్క బిందువే. అవధి ఆ బిందువు వైపు చూడదు, దాని చుట్టుపక్కల మాత్రమే చూస్తుంది. అందుకే రెండింటికీ అవధి ఒకటే.

ఇంతవరకూ ‘సమీపిస్తోంది’ అన్న మాట కంటి చూపు మీదే ఆధారపడింది. చివరికి అది సరిపోదు. గణిత చరిత్రలోనూ ఇదే జరిగింది. 1821లో పారిస్‌లో అచ్చయిన కోషీ పాఠ్యపుస్తకం అవధిని ప్రధానంగా మాటల్లోనే నిర్వచించింది. ఆ మాటలు కచ్చితమైన అసమానతల రూపంలో స్థిరపడింది తర్వాత కొన్ని దశాబ్దాలకు, జర్మనీలో వయర్‌ష్ట్రాస్ పాఠాలతో. ఆ అసమానతలను గ్రీకు అక్షరాలతో బోర్డు మీద రాస్తే పదహారేళ్ళ పిల్లలు బెదురుతారు. అదే సంగతిని ఇద్దరి మధ్య ఆటగా పెడితే పావుగంటలో పట్టుకుంటారు.

ఆట ఇలా ఉంటుంది. తెర మీద 9.8 కి పైనా కిందా రెండు అడ్డగీతలు, 1 కి అటూ ఇటూ రెండు నిలువుగీతలు గీయాలి. వాటిని జరపడానికి రెండు స్లైడర్లు.

```
k = 0.5
d = 0.2
y = 9.8 + k
y = 9.8 - k
x = 1 + d
x = 1 - d
```

మొదటి జట్టు k ఎంచుకుంటుంది, అంటే అడ్డపట్టీ ఎంత సన్నగా ఉండాలో నిర్ణయిస్తుంది. రెండో జట్టు దానికి జవాబుగా d ఎంచుకోవాలి. నిలువుపట్టీ లోపల ఉన్న గ్రాఫు ముక్క మొత్తం, x = 1 మినహా, అడ్డపట్టీలోనే ఉండాలి. ఎక్కడైనా పైకో కిందికో బయటపడితే రెండో జట్టు మళ్ళీ ప్రయత్నించాలి. k = 0.5 అన్నప్పుడు d = 0.2 పనికిరాదు, చివర్లలో గీత 0.98 దాకా దూరం పోతుంది. d = 0.1 అంటే తేడా 0.49 లోపు, గెలుపే. k ని 0.1 చేస్తే d = 0.02 చాలు. k ని 0.01 చేస్తే d = 0.002. మూడు ఆటలయ్యేసరికి ఎవరో ఒకరు గమనిస్తారు: ఏ k ఇచ్చినా దాన్ని ఐదుతో భాగించి d గా పెడితే చాలు. కారణం కూడా దొరుకుతుంది. v(x) − 9.8 = 4.9(x − 1) కాబట్టి నిలువు తేడా ఎప్పుడూ అడ్డం తేడాకు ఐదు రెట్ల లోపే. ఇక ఆట ఆడాల్సిన పని లేదు, రెండో జట్టు ఎప్పటికీ ఓడదు. అవధి 9.8 అనడానికి అర్థం ఇదే.

ఇందులో తప్పుదారి పట్టే చోటు ఒకటి ఉంది. చాలామంది ముందు d ని జరుపుతారు, తర్వాత దానికి సరిపడా k వెతుకుతారు. ‘x దగ్గరయ్యేకొద్దీ విలువ దగ్గరవుతుంది’ అనే వాక్యంలోని వరుస అదే కాబట్టి చేయి అటే పోతుంది. కానీ ఆ వరుసలో ఆడితే తప్పుడు అవధి కూడా గెలుస్తుంది. ఎంత d ఇచ్చినా, దానికి సరిపోయే వెడల్పాటి పట్టీ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. అందుకే సవాలు ఎప్పుడూ k తో రావాలి, జవాబు d తో. దీన్ని నిలబెట్టడానికి అవధి 9.7 అని వాదించే జట్టును ఒకదాన్ని తయారు చేయాలి. వాళ్ళ అడ్డపట్టీ 9.7 చుట్టూ ఉంటుంది. అవతలి జట్టు k = 0.05 అనగానే పట్టీ 9.65 నుంచి 9.75 వరకు మాత్రమే ఉంటుంది. d ని ఎంత తగ్గించినా గ్రాఫు 9.8 పక్కనే ఉంటుంది, పట్టీలోకి రాదు. అవధి అంటే ఉజ్జాయింపు విలువ కాదని, 9.8 కి ఎంత దగ్గరి సంఖ్య చెప్పినా అది ఓడిపోతుందని ఈ ఆట చూపిస్తుంది. 0.999… ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు ఉంది. 0.9, 0.99, 0.999 అన్న వరుస చేరుకునే సంఖ్య ఒకటి కంటే కాస్త తక్కువ అని ఎవరైనా అంటే, ఆ ‘కాస్త’ ఎంతో చెప్పమనాలి. ఎంత చెప్పినా వరుస దాన్ని దాటి పైకి పోతుంది.

తర్వాత పది నిమిషాలు జూమ్ పని చేయని చోట్లకు. పార్కింగ్‌లో రెండు గంటల దాకా 20 రూపాయలు, దాటితే 40 రూపాయలు అనుకుందాం. `If(x <= 2, 20, 40)` అని గీసి, రెండు గంటల దగ్గర 30 రూపాయల ఎత్తున జూమ్ చేస్తే వింతైన సంగతి కనిపిస్తుంది. రెండు గీతలూ పైకీ కిందికీ జారిపోయి తెర ఖాళీ అవుతుంది. కొబ్బరికాయ గ్రాఫులో జూమ్ వంపును తగ్గించింది, ఇక్కడ అగాధాన్ని పెంచింది. ఆటలో చూసినా అంతే, k = 5 అని సవాలు విసిరితే ఏ d కూడా నిలవదు.

పట్టికలు కూడా మోసం చేస్తాయి. sin(π/x) కు సున్నా దగ్గర అవధి ఎంత అని అడిగితే విద్యార్థి x = 0.1, 0.01, 0.001 పెట్టి చూస్తాడు. ప్రతిసారీ సున్నాయే వస్తుంది, అవధి సున్నా అంటాడు. అదే x = 2/5, 2/9, 2/13 అంటూ పోతే ప్రతిసారీ ఒకటి వస్తుంది. రెండు వరుసలూ సున్నానే సమీపిస్తున్నాయి, కానీ ప్రమేయం విలువలు వేరు వేరు చోట్లకు పోతున్నాయి. అవధి లేదు. ఇది ఊపు తగ్గని త్రాసు ముల్లు లాంటిది, మధ్యగీతను మళ్ళీ మళ్ళీ తాకుతుంది కానీ అక్కడ ఉండదు. తెర మీద ఎంత జూమ్ చేసినా గీతల గుబురు విడిపోదు. పదో వంతులతో పట్టిక వేసే అలవాటు ఎక్కడ దెబ్బ తీస్తుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మూడోది కంప్యూటర్ హద్దు. (1 − cos x)/x² అవధి, x సున్నాను సమీపించినప్పుడు, సగం. కోణాన్ని రేడియన్లలో తీసుకోవాలి, డిగ్రీల్లో ఉంచిన కాలిక్యులేటర్ వేరే సంఖ్య ఇస్తుంది. x = 0.1 పెడితే 0.4996, x = 0.01 పెడితే 0.499996 దరిదాపుల్లో వస్తుంది, అంతా బాగానే ఉంది. కానీ x ను 0.00000001 చేస్తే తెర మీద సున్నా వస్తుంది. కంప్యూటర్ సాధారణంగా ఒక సంఖ్యను పదిహేను, పదహారు అంకెల దాకానే గుర్తుపెట్టుకుంటుంది. అంత చిన్న కోణానికి cos x ఒకటికి ఎంత దగ్గరంటే, యంత్రం దాన్ని ఒకటిగానే రాసుకుంటుంది. ఒకటిలోంచి ఒకటి తీసేస్తే సున్నా. అక్కడ జూమ్ చేస్తే నున్నటి వక్రరేఖ మెట్లు మెట్లుగా, గీట్లు గీట్లుగా విరిగిపోతుంది. గ్రాఫు అలా విరిగితే తప్పు ప్రమేయానిది కాదు, యంత్రానిది. జూమ్ ఊహను ఇస్తుంది, రుజువును ఇవ్వదు. సగం అనే జవాబును నిలబెట్టేది 1 − cos x = 2 sin²(x/2) అన్న సూత్రంతో చేసే లెక్కే.

కంప్యూటర్ లేని బడిలో ఈ పాఠం ఆగిపోనక్కరలేదు. తరగతిని మూడు జట్లుగా చేసి ఒక్కొక్క జట్టుకు ఒక కిటికీ ఇస్తే చాలు. ముగ్గురూ ఒకే కొలతల గ్రాఫ్ కాగితం మీద, తమ కిటికీకి తగిన స్కేలుతో అక్షాలు గుర్తించి, 4.9t² కు ఐదేసి బిందువులు లెక్క కట్టి గీయాలి. గుణకారాలకు ఇరవై నిమిషాలు పోతుంది కాబట్టి వాటిని ముందు రోజు ఇంటిపనిగా ఇవ్వడం మేలు. మూడు కాగితాలను పక్కపక్కన గోడకు అంటిస్తే వంపు విప్పుకుంటున్న తీరు కనిపిస్తుంది. తమ చేత్తో గీసిన గీత తిన్నగా వచ్చినందుకు మూడో జట్టు తప్పు చేశామనుకుంటుంది. ఆ అనుమానం నుంచి చర్చ మొదలుపెట్టవచ్చు, తెర మీద ఇది దొరకదు. పట్టీల ఆటకు నాలుగు చీపురుపుల్లలు సరిపోతాయి.

పాఠం పట్టుబడిందో లేదో తెలుసుకోవడానికి లెక్కలు ఇవ్వడం కంటే, బెల్లు కొట్టే ముందు చిన్న చీటీ మీద రెండు జవాబులు రాయించడం నమ్మదగిన పద్ధతి. మొదటిది: ఒక ప్రమేయానికి x = 3 దగ్గర విలువ 5, అవధి 7. ఇది సాధ్యమేనా? పలకను తప్పు ఎత్తులో వేసిన కల్వర్టు గుర్తున్నవారు సాధ్యమే అని రాస్తారు. రెండోది: అవధి విలువను ప్రమేయం ఎప్పుడైనా తాకవచ్చా? ‘తాకదు’ అని రాసినవారి మనసులో ఇంకా టీ కప్పు బొమ్మే ఉంది. వారికి మర్నాడు ముందుగా త్రాసును మళ్ళీ చూపించాలి, ఆ తర్వాతే పుస్తకంలోని నిర్వచనం తెరవాలి.